ఉందా, లేదా? కాదు, ఎంత?
ఫైబ్రోమయాల్జియాపై స్మారకోపన్యాస పాఠం



మాస్టారి పేరిట మాట్లాడమన్నప్పుడు విషయం కోసం పెద్దగా వెతుక్కోలేదు. ఆయన ఓపీకి ఒక తరహా పేషెంట్లు వస్తూండేవారు. చేతిలో లావుపాటి ఫైలు, అందులో అన్నీ నార్మల్ రిపోర్టులే. "ఒళ్ళంతా నొప్పులు సార్" అనేవారు. మేం హౌస్‌సర్జన్లం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. మాస్టారు మాత్రం స్టూలు దగ్గరకు లాక్కోమని, "ఎక్కడెక్కడో చేత్తో చూపించమ్మా" అనేవారు. కేస్‌షీట్ మీద మనిషి బొమ్మ గీసి, ఆమె చూపించిన చోటల్లా ఇంటూ గుర్తు పెట్టేవారు. తర్వాతిసారి వచ్చినప్పుడు మళ్ళీ బొమ్మ, మళ్ళీ గుర్తులు. ఆ పని ఎందుకు చేసేవారో అప్పట్లో మాకు అర్థం కాలేదు. ఇవాళ ఈ జబ్బుకు ప్రపంచమంతా వాడుతున్న కొలమానం దాదాపు అదే పద్ధతి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫైబ్రోమయాల్జియా గురించి మనం "ఉందా, లేదా" అని అడుగుతూ వచ్చాం. "ఎంత ఉంది" అని అడగడం మొదలుపెడితే రోగనిర్ధారణ, వ్యాయామం, మందులు మూడూ ఒక దారిలో పడతాయి.

1. బొటనవేలి నుంచి కాగితం దాకా

1904లో లండన్‌లో విలియం గోవర్స్ అనే నరాల వైద్యుడు నడుం నొప్పి మీద ఉపన్యాసమిస్తూ 'ఫైబ్రోసైటిస్' అనే మాట వాడాడు. కండరాల మధ్య ఉండే పీచు కణజాలం వాస్తుందని ఆయన ఊహ. తర్వాత ఎంత వెతికినా ఆ వాపు దొరకలేదు. అందుకే 1970లలో ఆ పేరు పోయి ఫైబ్రోమయాల్జియా అనే పేరు వచ్చింది.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ తొలిసారి అందరికీ ఒకే ప్రమాణం పెట్టింది. మూడు నెలలకు పైగా శరీరమంతా వ్యాపించిన నొప్పి ఉండాలి. మెడ వెనక, భుజాల మీద, మోచేతుల పక్కన, తుంటి దగ్గర, మోకాళ్ళ లోపలి వైపు, ఇలా నిర్ణయించిన 18 చోట్ల బొటనవేలితో నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి అనాలి. ఎంత గట్టిగా నొక్కాలంటే 4 కిలోల బరువంత. నొక్కే డాక్టరు గోరు తెల్లబడే దాకా అని గుర్తు.

చదవడానికి బాగానే ఉంటుంది. ఓపీలో మాత్రం ఇబ్బందులు వచ్చాయి. చాలామంది డాక్టర్లు ఆ 18 చోట్లూ నొక్కనే లేదు. నొక్కినవాళ్ళలో ఒకరి 4 కిలోలు ఇంకొకరికి 6 కిలోలు. 11 చోట్ల నొప్పి అన్న మనిషికి జబ్బుంది, 10 చోట్ల అన్న మనిషికి లేదు. పైగా ఇది నొప్పిని మాత్రమే చూస్తుంది. పేషెంటు మొదట చెప్పే అలసట, పొద్దున లేచినా నిద్రపోయినట్టు లేకపోవడం, మాటల మధ్యలో మతిమరుపు, వీటికి అందులో చోటే లేదు. నొక్కితే ఆడవాళ్ళకు త్వరగా నొప్పి తెలుస్తుంది కాబట్టి, ఇది ఆడవాళ్ళ జబ్బే అన్న పేరు కూడా పడింది. తర్వాత వచ్చిన ప్రశ్నల పద్ధతితో జర్మనీలో జనాభా సర్వే చేస్తే ఆడవాళ్ళలో 2.4 శాతం, మగవాళ్ళలో 1.8 శాతం తేలింది. అంటే మనకు కనపడిన తేడాలో చాలా భాగం బొటనవేలు సృష్టించినదే.

2010లో నొక్కడం తీసేశారు. 2011లోనూ 2016లోనూ సవరించారు. ఇప్పుడు ఉన్నది రెండు అంకెల లెక్క. మొదటిది నొప్పి విస్తృతి. శరీరాన్ని 19 భాగాలు చేసి, గడచిన వారంలో ఎన్నింటిలో నొప్పి ఉందో లెక్కపెడతాం. రెండోది లక్షణాల తీవ్రత. అలసట, తీరని నిద్ర, జ్ఞాపకం-ఏకాగ్రత, ఒక్కోదానికి 0 నుంచి 3. వీటికి తోడు గడచిన ఆరు నెలల్లో తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, దిగులు ఉంటే ఒక్కోదానికి 1. మొత్తం 12. నొప్పి విస్తృతి 7 గానీ అంతకు పైగా గానీ ఉండి తీవ్రత కనీసం 5 ఉండాలి. లేదా విస్తృతి 4 నుంచి 6 మధ్య ఉంటే తీవ్రత కనీసం 9 ఉండాలి. నొప్పి ఒకే వైపున గుమిగూడకుండా ఎడమ పై భాగం, కుడి పై భాగం, ఎడమ కింది భాగం, కుడి కింది భాగం, వెన్ను నడిమి భాగం, ఈ ఐదింటిలో నాలుగింట ఉండాలి. మూడు నెలలుగా ఉండాలి.

2016 సవరణలో ఒక వాక్యం ఉంది. నా దృష్టిలో మిగతా లెక్కలన్నిటికంటే అదే ముఖ్యం. వేరే జబ్బు ఉన్నా సరే ఈ నిర్ధారణ చెల్లుతుంది. అంటే మిగతావన్నీ కొట్టేశాక మిగిలిన ఖాళీకి పెట్టే పేరు కాదిది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న మనిషికి ఇది కూడా ఉండవచ్చు, తరచుగా ఉంటుంది. కీళ్ళ వాపు తగ్గి, ఈఎస్ఆర్ దిగివచ్చి, అయినా నొప్పి అంతే ఉందంటే మందు డోసు పెంచే ముందు ఈ 19 భాగాల బొమ్మ చూడాలి. లేకపోతే కీళ్ళకు అక్కర్లేని మందు మీద మందు ఎక్కిస్తాం.

2. ఒక కేసు

ఇప్పుడు ఒకావిడ గురించి చెబుతాను. ఏ ఒక్కరి కథా కాదు, నేను చూసిన చాలామందిని కలిపి అల్లినది. వయసు 44, ఇంట్లోనే మిషను కుడుతుంది. రెండేళ్ళుగా నొప్పులు. "పొద్దున లేచేసరికి ఒళ్ళంతా పిండేసినట్టుంటుందండీ" అంటుంది. ఎవరో నరాల బలహీనత అని బలం ఇంజెక్షన్లు చేశారు. ఇంకెవరో ఆర్ఏ ఫ్యాక్టర్ కొంచెం ఎక్కువగా ఉందని కీళ్ళవాతం అన్నారు, చిన్న తెల్లమాత్రలు ఇచ్చారు. మొహం ఉబ్బింది, నొప్పి తగ్గలేదు. అవి స్టెరాయిడ్లు, తగ్గకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఈ జబ్బులో ప్రెడ్నిసోన్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చి 1985లోనే పరీక్షించారు, మేలేమీ కనపడలేదు.

ముందు చేత్తో చూడాలి. వేళ్ళ కణుపుల్లో వాపు ఉందా? లేదు. కింద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలదా? నొప్పితో మూలుగుతూ లేస్తుంది, కానీ లేస్తుంది. ఈ తేడా మన ప్రాంతంలో చాలా ముఖ్యం. విటమిన్ డి బాగా తగ్గి ఎముకలు మెత్తబడిన ఆస్టియోమలేషియాలో కూడా ఒళ్ళంతా నొప్పే. కానీ అక్కడ తొడల్లో పట్టు పోతుంది, నడక బాతులా ఊగుతుంది, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. అలాంటి మనిషికి ఫైబ్రోమయాల్జియా అని చీటీ రాసి పంపితే, నెలల్లో నయమయ్యే జబ్బును ఏళ్ళ తరబడి మోయిస్తాం.

ఈవిడకు రక్తపరీక్ష, ఈఎస్ఆర్, సీఆర్పీ, థైరాయిడ్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేయించాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కీళ్ళలో వాపు లేనప్పుడు ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎన్ఏ చేయించకపోవడమే మేలు. ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి అవి పాజిటివ్ వస్తాయి, ఆ కాగితం పట్టుకుని మనిషి ఊరూరా తిరుగుతుంది. జ్వరం, బరువు తగ్గడం, నిజమైన కండర బలహీనత, ఒకే చోట తిష్ఠ వేసిన నొప్పి, అరవై దాటాక కొత్తగా మొదలైన ఒళ్ళునొప్పులు ఉంటే మాత్రం ఇక్కడ ఆగకూడదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మెడ, వీపు పై భాగం, నడుము: మూడు. రెండు భుజాలు: ఐదు. మిషను మీద గుడ్డ పట్టుకునే కుడి ముంజేయి: ఆరు. రెండు తుంట్లు: ఎనిమిది. రెండు పిక్కలు: పది. విస్తృతి 10, ఐదు ప్రాంతాల్లోనూ నొప్పి ఉంది. అలసటకు 2. నిద్రకు 3, ఎందుకంటే పది గంటలకు పడుకుని ఆరింటికి లేచినా రాత్రంతా బట్టలుతికినట్టుంటుందని తనే చెప్పింది. కొలతలు రాసుకున్న కాగితం ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నానంది, దానికి 1. తలనొప్పికి 1. తీవ్రత 7. రెండూ కలిపితే 17. ఈ కూడిక మొత్తం గరిష్ఠంగా 31 వరకు వెళుతుంది.

ఆ 17 ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఈ స్కోరు గీతకు అటు ఇటు మనుషుల్ని రెండుగా చీల్చదు, వరసగా పేరుస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కీళ్ళమార్పిడి ఆపరేషన్లకు వచ్చినవాళ్ళ స్కోరు ముందుగా రాసిపెట్టి, ఆపరేషన్ తర్వాత ఎంత నొప్పిమందు పట్టిందో చూశారు. స్కోరు ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ మందు కూడా పెరిగింది. ఫైబ్రోమయాల్జియా అనిపించుకోని మనుషుల్లో కూడా అంతే. బీపీ లాంటిదన్నమాట ఇది. 140 దగ్గర గీత గీసింది మనం, ఒంట్లో అలాంటి గీత లేదు.

3. నొప్పి ఎక్కడ పుడుతోంది

కండరంలో ఏమీ లేదు, కీలులో ఏమీ లేదు, మరి నొప్పెక్కడిది? 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి దీనికి జవాబు మొదలవుతుంది. ఎలుక పాదానికి కొద్దిగా కాలిన గాయం చేశాడు. కాలు ముడుచుకునేలా చేసే వెన్నుపాములోని నాడీకణాలు, ఆ తర్వాత చిన్న స్పర్శకే స్పందించడం మొదలుపెట్టాయి. గాయం లేని చోట ముట్టుకున్నా స్పందించాయి. గాయమున్న చోటికి మత్తుమందు ఇచ్చి అక్కడి నుంచి కబుర్లు ఆపినా ఆ అతిస్పందన వెంటనే పోలేదు. అంటే గాయం పాదానిది, మార్పు వెన్నుపాముది. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటున్నాం, కేంద్ర నాడీవ్యవస్థ అతిసున్నితం కావడం.

మనుషుల్లో ఇది చూపించిన ప్రయోగం 2002లో వచ్చింది. రిచర్డ్ గ్రేస్లీ బృందం ఫైబ్రోమయాల్జియా ఉన్న 16 మందిని, లేని 16 మందిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, బొటనవేలి గోరు మీద కొలిచిన ఒత్తిడి పెట్టింది. ఆరోగ్యవంతులు నొప్పి అనడానికి పట్టే ఒత్తిడిలో దాదాపు సగానికే పేషెంట్లు అంతే నొప్పి అన్నారు. మెదడు చిత్రాలు వాళ్ళ మాటను బలపరిచాయి. ఒత్తిడి వేరైనా ఇద్దరి మెదళ్ళలోనూ చాలావరకు అవే భాగాలు వెలిగాయి. నటన అని, అతిశయోక్తి అని అనేవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నొప్పి వ్యవస్థలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి కబురును పైకి మోసేది. ఈ పేషెంట్ల వెన్నుపాము ద్రవంలో నొప్పి కబురు మోసే సబ్‌స్టెన్స్-పి అనే రసాయనం మామూలు కంటే దాదాపు మూడింతలు ఉన్నట్టు 1994లో చూశారు. రెండోది మెదడు కాండం నుంచి కిందికి దిగి నొప్పికి కళ్ళెం వేసేది, అది నార్ అడ్రినలిన్, సెరటోనిన్‌లతో పనిచేస్తుంది. ఒక చోట నొప్పి పెడితే మామూలుగా ఇంకో చోటి నొప్పి తగ్గాలి. ఈ పేషెంట్లలో చాలామందికి అది సరిగ్గా తగ్గదు. పై దారి జోరెక్కింది, కింది దారి పట్టు వదిలింది. మన మందులు పనిచేసేది ఈ రెండు దారుల మీదే.

నిద్రను కూడా ఇక్కడే చూడాలి. 1975లో టొరంటోలో మోల్డోఫ్‌స్కీ బృందం ఆరోగ్యంగా ఉన్న యువకుల గాఢనిద్రను వరసగా కొన్ని రాత్రులు శబ్దంతో చెడగొట్టింది. పూర్తిగా మెలకువ రానివ్వకుండా, గాఢత మాత్రం పోయేలా. వాళ్ళకు ఒళ్ళునొప్పులు, నొక్కితే నొప్పి వచ్చాయి. నొప్పి నిద్ర చెడగొడితే, చెడిన నిద్ర నొప్పి పెంచుతుంది.

అయితే ఈ వివరణకు హద్దులు ఉన్నాయి. సెంట్రల్ సెన్సిటైజేషన్ ఉందని ఓపీలో తేల్చే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. పైగా కథ అంతా కేంద్రంలోనే ముగియడం లేదు. చర్మం బయాప్సీ చేస్తే దాదాపు సగం మంది పేషెంట్లలో సన్న నాడీతంతువులు తగ్గినట్టు కనపడుతోంది. 2021లో పేషెంట్ల రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే ఆ ఎలుకలకు నొప్పి సున్నితత్వం వచ్చింది. కాబట్టి "మీ నొప్పి మెదడులోనే ఉంది" అని పేషెంటుతో అనడం మర్యాదా కాదు, శాస్త్రమూ కాదు. "నొప్పి నిజమే, దాన్ని మోసుకొచ్చే వ్యవస్థ ఎక్కువ జోరుగా పనిచేస్తోంది" అంటే సరిపోతుంది.

4. వ్యాయామం: డోసు తప్పితే మందైనా విషమే

యూరప్ రుమటాలజీ సంఘం 2017లో ప్రచురించిన సిఫార్సుల్లో, గట్టిగా చేయవచ్చని చెప్పిన చికిత్స ఒక్కటే, వ్యాయామం. మందులన్నీ దాని కంటే ఒక మెట్టు కిందే ఉన్నాయి. అదే ఏడాది కాక్రేన్ సమీక్ష నడక, సైకిల్ లాంటి ఏరోబిక్ వ్యాయామాల మీద 13 ట్రయల్స్, 839 మంది సమాచారం కలిపి చూసింది. వందలో 11 పాయింట్ల మేర నొప్పి తగ్గింది. చిన్న ట్రయల్సే కాబట్టి ఆ అంకె మీద నమ్మకం తక్కువని సమీక్షకులే రాశారు. 2018లో 226 మందితో చేసిన ట్రయల్‌లో తాయ్ చీ ఏరోబిక్ వ్యాయామం కంటే కాస్త మెరుగ్గానే నిలిచింది. దేన్ని వదలకుండా చేయగలరో అదే ఎంచుకోమనడానికి ఇది చాలు.

కానీ మన పేషెంట్లలో ఎక్కువమంది "నడిచానండీ, ఇంకా ఎక్కువైంది" అంటారు. అబద్ధం కాదు. మన కేసులో ఆవిడకు ఎవరో "రోజూ గంట నడువమ్మా" అన్నారు. మొదటి రోజు పట్టుదలగా గంట నడిచింది, మూడు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. ఇక ఆ జోలికి పోలేదు. ఇక్కడ పొరపాటు డోసుది.

మేం ఇలా మొదలుపెట్టాం. రోజు విడిచి రోజు, చదునైన దారిలో 10 నిమిషాలు. పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగం. వారానికి 2 నిమిషాల చొప్పున పెంపు. పన్నెండో వారానికి 32 నిమిషాలు. నాలుగో వారం నుంచి వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం. ఒక నియమం గట్టిగా చెప్పాం. నడిచాక నొప్పి కొంచెం పెరగడం మామూలే. రెండు రోజుల్లో మామూలు స్థితికి వస్తే అదే డోసు కొనసాగించాలి. రాకపోతే ముందు వారం డోసుకు దిగాలి, మానేయకూడదు. ఇంకొకటి, ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజున పేరుకుపోయిన పనంతా ఒక్కసారే మీదేసుకోకూడదు. మొదటి మూడు వారాల్లో ఫలితం కనపడదని ముందే చెప్పాలి. చెప్పకపోతే సరిగ్గా అప్పుడే మానేస్తారు.

5. మందులు: పది మందిలో ఒకరి లెక్క

అమెరికాలో ఎఫ్‌డీఏ ఈ జబ్బుకు 2007లో ప్రీగాబలిన్, 2008లో డులాక్సెటిన్, 2009లో మిల్నాసిప్రాన్ అనుమతించింది. యూరప్ మందుల సంస్థ ఈ మూడింటినీ ఈ జబ్బుకు ఒప్పుకోలేదు, మేలు తగినంత లేదంది. ఒకే మందుల గురించి ఇద్దరు ఇలా తేల్చడానికి కారణం అంకెల్లోనే ఉంది.

ప్రీగాబలిన్ రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాములు ఇస్తే నొప్పి సగానికి తగ్గినవాళ్ళు వందకు 22 నుంచి 24 మంది. ఉత్తుత్తి మాత్రతో తగ్గినవాళ్ళు 14 మంది. తేడా దాదాపు పది. అంటే పది మందికి ఇస్తే ఒకరికి మందు వల్ల పెద్ద మేలు. డులాక్సెటిన్ లెక్క కూడా అటూ ఇటూగా ఇంతే. ఆ ఒక్కరికి అది జీవితం మార్చే మందు. మిగతా తొమ్మిది మందిలో కొందరికి తల తిరుగుడు, మగత, కాళ్ళ వాపు, బరువు పెరగడం. సగటు చూసి యూరప్ వద్దంది, ఆ ఒక్కరిని చూసి అమెరికా సరేనంది. పేషెంటు ఎదురుగా కూర్చున్న డాక్టరుకు ఈ ఇద్దరిలో ఎవరి పక్షమూ అక్కర్లేదు. ఈమె ఆ పదిలో ఒకరా కాదా తేల్చుకుంటే చాలు. దానికి పన్నెండు వారాల గడువు పెట్టుకోవాలి.

నిద్రే పెద్ద బాధ అయితే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, పడుకోవడానికి రెండు గంటల ముందు. దీని మీద ట్రయల్స్ పాతవి, చిన్నవి. అయినా చవకైన మందు, చిన్న డోసు కాబట్టి చాలామంది దీనితోనే మొదలుపెడతాం. నోరు ఎండటం, మలబద్ధకం, పొద్దున మత్తు ఉంటాయి. కొన్ని రకాల గ్లాకోమా, మూత్రం ఆగడం, గుండె లయలో తేడా ఉంటే ఇవ్వకూడదు. దిగులు కూడా ఉంటే డులాక్సెటిన్ 60 మిల్లీగ్రాములు. ప్రీగాబలిన్ గానీ డులాక్సెటిన్ గానీ ఒక్కరోజులో ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి. స్టెరాయిడ్లు, బలమైన ఓపియాయిడ్ మందులు ఇవ్వనే కూడదు. వీళ్ళ మెదడులో ఓపియాయిడ్ గ్రాహకాలు ఖాళీగా దొరకడమే తక్కువని 2007లో పెట్ స్కాన్‌లతో చూపించారు. నల్లమందు జాతి మందులు వీళ్ళలో పెద్దగా పనిచేయకపోవడానికి అదో కారణం కావచ్చు.

మన కేసులో ఆవిడకు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, పైన చెప్పిన నడక. ఆరు నెలలకు విస్తృతి 10 నుంచి 5కు వచ్చింది, తీవ్రత 7 నుంచి 6కు. మొత్తం 11. ఇప్పుడు ప్రమాణం ప్రకారం చూడండి. విస్తృతి 5 అయితే తీవ్రత 9 ఉండాలి. లేదు. కాబట్టి ఆవిడకు ఫైబ్రోమయాల్జియా 'లేదు'. అలాగని నడక మానేస్తే? మళ్ళీ 17కు ఎక్కవచ్చు. జబ్బు పోలేదు, తగ్గింది. తగ్గింది నొప్పి విస్తృతే, లక్షణాల తీవ్రత పెద్దగా కదలలేదు. ఇక మీదట దృష్టి పెట్టాల్సింది దాని మీదేనని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. ఉందా, లేదా అని మాత్రమే అడిగి ఉంటే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు.

అందుకని విద్యార్థులకు ఒక మాట. కేస్‌షీట్‌లో 'ఫైబ్రోమయాల్జియా' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. పక్కన రెండు అంకెలు, తేదీ రాయండి. నడక ఎన్ని నిమిషాలో రాయండి. మందు మొదలుపెట్టిన రోజునే దాన్ని ఆపాలో వద్దో తేల్చే తేదీ కూడా రాయండి. ఆ తేదీ నాటికి అంకె కదలకపోతే మందు మెల్లగా తగ్గించి ఆపండి. కదిలితే ఎంత కదిలిందో పేషెంటుకు చూపించండి. ఆ కాగితం ఆమెది కూడా.